శనివారం సాయంత్రం ఆరున్నర

వారంలో ఐదు రోజులు నేను మందు ముట్టను. ఈ ఒక్క మాటను పట్టుకుని విదేశంలో మూడేళ్లు గడిపాను. రోజూ తాగేవాడికే తాగుడు జబ్బని, నాలాంటివాడికి కాదని గట్టిగా నమ్మాను. మా క్యాంపులో నాతోపాటు పనిచేసే చాలామంది ఇప్పటికీ అలాగే అనుకుంటున్నారు. వాళ్లలో ఒక్కరికైనా పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

నాది స్కాఫోల్డింగ్ పని. కట్టే బిల్డింగ్ చుట్టూ ఇనుప పైపులతో మంచె కడతాం. సోమవారం నుంచి శనివారం దాకా తెల్లవారుజామున బస్సెక్కి వెళ్లి, చీకటి పడ్డాక రూముకి చేరతాం. శుక్రవారం దాకా అలసట ఎంత ఉంటుందంటే, ఒంటరితనం గుర్తుకొచ్చే తీరికే దొరకదు. శనివారం మాత్రం సాయంత్రం ఆరున్నరకల్లా రూములో ఉంటాను. మర్నాడు సెలవు. స్నానం చేసి మంచం మీద కూర్చోగానే గది ఒక్కసారిగా పెద్దదైపోయినట్టు ఉండేది. రూమ్మేట్లు ఎవరి ఫోన్లో వాళ్లు ఇంటివాళ్లతో మాట్లాడుకుంటూ ఉంటారు. ఆ గంట దాటడం నావల్ల అయ్యేది కాదు. మొదట్లో ఒక గ్లాసుతో సరిపెట్టుకున్నాను. రెండో ఏడు వచ్చేసరికి శనివారం రాత్రి మొదలుపెడితే ఆదివారం రాత్రి పడుకునేదాకా తాగుతూనే ఉండేవాణ్ణి. నలుగురిలో కూర్చుని తాగడం కూడా మానేశాను. గోడ వైపు తిరిగి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఒక్కణ్ణే.

తాగాక ఇంటికి ఫోన్ చేసేవాణ్ణి. అదే అన్నిటికంటే పెద్ద తప్పు. ఒక శనివారం మా పాపతో చాలాసేపు మాట్లాడానట. స్కూల్లో డాన్సుకి ఎంపికైందని అది సంబరంగా చెప్పిందట, ఆ రోజు తప్పకుండా వీడియోకాల్‌లో చూస్తానని నేను మాటిచ్చానట. నాకు ఒక్క ముక్క గుర్తులేదు. మర్చిపోవడం కూడా కాదు అది. మత్తు బాగా ఎక్కినప్పుడు మనిషి మామూలుగానే మాట్లాడుతూ ఉంటాడు, మెదడు మాత్రం ఆ మాటల్ని దాచుకోవడం ఆపేస్తుంది. తర్వాత ఎంత వెతికినా దొరకవు, ఎందుకంటే అవి అక్కడ చేరనే లేదు. డాన్సు రోజు పాప ఎదురుచూసింది. నేను ఫోన్ చేయలేదు. తర్వాతి శనివారం మా ఆవిడ ఫోన్ ఇవ్వబోతే వెనక నుంచి పాప గొంతు వినబడింది: "శనివారం నాన్న వద్దమ్మా. బుధవారం నాన్న చేసినప్పుడు మాట్లాడతా."

ఏడేళ్ల పిల్ల నన్ను ఇద్దరు నాన్నలుగా విడదీసింది. అది విన్నాక కూడా నేను ఆ రాత్రి తాగాను. సిగ్గుపడి మానేశానని చెప్పుకోవాలని ఉంది కానీ అది నిజం కాదు.

నన్ను ఆపింది ఒక సోమవారం. మంచె పైపుల్ని ఒకదానితో ఒకటి కలిపి బిగించే ఇనుప క్లిప్పుని మేము కప్లర్ అంటాం. దాని నట్టుని స్పానర్‌తో బిగించాలి. మంచె కట్టాక ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి పచ్చ ట్యాగు తగిలిస్తేనే మిగతావాళ్లు దాని మీదికి ఎక్కుతారు. ఆ రోజు ఆయన మూడో వరసలో ఒక కప్లర్ మీద చెయ్యి వేసి ఊపాడు. అది ఊగింది. నట్టు చేత్తో తిప్పి వదిలేసినట్టే ఉంది, స్పానర్ పడనే లేదు. ఆ వరస కట్టింది నేను. స్పానర్ నా నడుముకే వేలాడుతోంది. బిగించానా లేదా అని ఎంత ఆలోచించినా నాకే తెలియలేదు. ఒక గంటలో దాని మీద ప్లాస్టరింగ్ వాళ్లు ఆరుగురు నిలబడాల్సి ఉంది.

ఫోర్‌మన్ నన్ను పక్కకి పిలిచాడు. దగ్గరికి వచ్చి ఒక్క క్షణం ఆగాడు, ఏమీ అడగలేదు. "ఈ రోజు కింద పైపులు అందించు, పైకి ఎక్కకు. ఇంకోసారి ఇలా జరిగితే ఊదే మిషన్ దగ్గరికి పంపాల్సి వస్తుంది" అన్నాడంతే. నేను రాత్రి పదింటికే ఆపేశాను, బాగా నిద్రపోయి లేచాను. ఇంకా వాసనెలా వస్తుందని కోపం కూడా వచ్చింది.

ఆ లెక్క తర్వాత క్లినిక్‌లో నర్సు చెప్పింది. ఆదివారం సాయంత్రం నాలుగు నుంచి రాత్రి పది దాకా నేను తాగింది అర లీటరు. నలభై శాతం మందులో అర లీటరంటే అసలు ఆల్కహాల్ 200 మిల్లీలీటర్లు, తూకంలో దాదాపు 160 గ్రాములు. మన కాలేయం గంటకు సుమారు పది గ్రాములు కరిగిస్తుంది. అంటే పదహారు గంటలు. నాలుగింటికి మొదలైతే సోమవారం ఉదయం ఎనిమిది అవుతుంది. ఆదివారం పొద్దున తాగింది ఈ లెక్కలో లేనే లేదు. నేను ఆరున్నరకే మంచె మీద ఉంటాను. నిద్రపోయినా, చన్నీళ్లు పోసుకున్నా ఆ వేగం పెరగదు. రెండో ఏడు నుంచి దాదాపు ప్రతి సోమవారం నేను తాగిన మనిషిగానే పైకెక్కాను. ఆ మాట విన్నప్పుడు కాళ్లు చల్లబడ్డాయి.

ఆ నర్సే ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన పది ప్రశ్నల కాగితం ఇచ్చింది. ఆడిట్ అంటారు దాన్ని. ఒక్కో ప్రశ్నకు సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు, మొత్తం నలభై. ఎన్ని రోజులు తాగుతావన్నది మొదటి ప్రశ్న. నాకు అందులో మూడే వచ్చాయి, రోజూ తాగేవాడికి నాలుగు. మూడేళ్లు నన్ను కాపాడిన మాట విలువ ఒకే ఒక్క మార్కన్నమాట. తాగినప్పుడు ఎంత తాగుతావన్న రెండో ప్రశ్నకు పూర్తిగా నాలుగు పడ్డాయి. మొదలుపెట్టాక ఆపలేకపోయావా, చేయాల్సిన పని చేయలేకపోయావా, జరిగింది గుర్తులేకుండా పోయిందా, ఇంట్లోవాళ్లు మానెయ్యమన్నారా అని వరసగా అడుగుతుంటే పాప డాన్సు, ఆ కప్లర్ ఒక్కొక్కటిగా కళ్లముందుకొచ్చాయి. బాగా తాగిన మర్నాడు పొద్దున్నే మందు పడితేగానీ లేవలేకపోయావా అన్నదానికి, దెబ్బలు తగిలాయా అన్నదానికి మాత్రం సున్నా. మొత్తం ఇరవై నాలుగు. ఇరవైగానీ అంతకంటే ఎక్కువగానీ వస్తే మందుకు బానిసైన లక్షణాలున్నాయేమో డాక్టరు చూడాలని అర్థం.

డాక్టరమ్మ ఒక విషయం పదేపదే అడిగింది. మానేసిన రోజుల్లో చేతులు వణుకుతాయా, ఒళ్లంతా చెమటలు పడతాయా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా? నాకు మంగళవారానికల్లా మామూలుగా ఉండేది, కాబట్టి మందులు లేకుండా ఆపవచ్చంది. ఈ ప్రశ్నలు ఎంత ముఖ్యమో నాకు అప్పుడు తెలియలేదు. నెల తర్వాత, నన్ను చూసి మా పక్క రూములో ఒకాయన తనూ మానేస్తానన్నాడు. ఆయన రోజూ తాగే మనిషి. ఎవరికీ చెప్పకుండా ఒక్కసారిగా ఆపేశాడు. మొదటి రోజు సాయంత్రానికే చేతులు వణకడం మొదలైంది, బలహీనత అనుకున్నాం. మూడో రాత్రి గోడ మీద పురుగులు పాకుతున్నాయని కేకలు పెట్టాడు. ఎక్కడున్నాడో తనకే తెలియదు. ఆసుపత్రికి తీసుకెళ్తే ఇది ప్రాణాలు తీసే స్థితి అన్నారు. ఐదు రోజులు ఉంచి, నరాల్ని శాంతపరిచే మందులు మెల్లమెల్లగా తగ్గిస్తూ, బి1 విటమిన్ ఇంజెక్షన్లు ఇచ్చి బతికించారు. ఏళ్ల తరబడి రోజూ తాగే శరీరంలోంచి మందుని ఉన్నట్టుండి లాగేస్తే, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్, ఆ తర్వాత ఇలాంటి భ్రమలు రావచ్చట. అలాంటివాళ్లు ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలి, గ్రూపు ఆ తర్వాత. ఈ ఒక్క విషయంలో దయచేసి మొండితనం వద్దు.

గ్రూపు సంగతి కూడా డాక్టరమ్మే చెప్పింది. ఆల్కహాలిక్స్ అనానిమస్, అందరూ ఏఏ అంటారు. 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో ఇద్దరు తాగుబోతులు, ఒకరు షేర్ల వ్యాపారంలో ఉన్నాయన, ఇంకొకరు డాక్టరు, ఒకరినొకరు తాగకుండా కాపాడుకోవడంతో మొదలైందట. ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. ఫీజు లేదు, పేరు రాసుకోరు. తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు, సభ్యుడివే. మాకు దగ్గర్లో శనివారం సాయంత్రం ఏడుంపావుకు ఒక మీటింగ్ ఉందని కాగితం మీద రాసిచ్చింది. ఆ టైము చూసి నాకు ఏడుపొచ్చింది. సరిగ్గా నేను సీసా తెరిచే టైము అది.

నా భయమల్లా కంపెనీకి తెలిస్తే వీసా పోతుందేమోనని. క్యాంపువాడు ఎవడైనా అక్కడ కనబడితే ఏం చెప్పాలి? మొదటి వారం ఆ వీధి దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాను. రెండో వారం లోపలికి వెళ్లాను.

పదిహేను కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. తలుపు పక్కన కూర్చున్నాను. ఒకాయన మొదట్లో నియమాలు చదివాడు. ఇక్కడ విన్నది, ఇక్కడ చూసిన మనిషి పేరు బయటికి వెళ్లకూడదు. తర్వాత ఒక్కొక్కరే పేరు చెప్పి, నేను ఆల్కహాలిక్‌ని అని, తమ సంగతి చెప్పుకున్నారు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డం రారు. అయ్యాక సలహా ఇవ్వరు, తప్పుపట్టరు, థాంక్స్ అని మాత్రం అంటారు. మా ఇంట్లోగానీ క్యాంపులోగానీ నా తాగుడు గురించి నోరు తెరిస్తే చాలు, వెంటనే హితబోధ మొదలయ్యేది. ఇక్కడ ఎవరూ ఏమీ అనకపోవడం నాకు కొత్త. చివర్లో ఒక బుట్ట తిరిగింది, ఇష్టమున్నవాళ్లు గది అద్దెకి ఎంతో కొంత వేశారు. కొత్తవాణ్ణని నన్ను వెయ్యనివ్వలేదు.

అంతా ఇంగ్లిష్‌లో జరిగింది. నాకు సగం అర్థమైంది. నా వంతు వచ్చినప్పుడు పాస్ అంటే సరిపోతుందన్నారు. మూడు వారాలు పాస్ అన్నాను. నాలుగో వారం నడిపే ఆయన, "నీ భాషలో చెప్పు, మేం వింటాం" అన్నాడు. అప్పుడు తెలుగులో మాట్లాడాను. శనివారం నాన్న వద్దమ్మా అన్న మాట చెప్పాను. ఊగిన కప్లర్ గురించి చెప్పాను. అక్కడ ఒక్కరికీ తెలుగు రాదు. ఒక్కరు కూడా ఫోన్ చూసుకోలేదు. మూడు నాలుగు నిమిషాలు మాట్లాడి ఆగిపోతే, ఎదురుగా ఉన్న పెద్దావిడ కళ్లు తుడుచుకుంటోంది. అర్థంకాని మాటలకి ఎందుకేడ్చిందో నాకు తెలియదు. నేను మాత్రం ఆ దేశంలో అడుగుపెట్టాక మొదటిసారి మనసులో ఉన్నది మనుషుల ముందు చెప్పాను.

అయినా భాష అడ్డమే. ఆ గ్రూపువాళ్లే వెతికి, ఆదివారాలు ఫోన్లో జరిగే ఒక తెలుగు మీటింగ్‌లో చేర్చారు. మొహం కనబడకుండా, ముద్దుపేరుతో చేరవచ్చు. స్పాన్సర్ అక్కడే దొరికారు. ఇక్కడ స్పాన్సర్ అంటే వీసా ఇచ్చే మనిషి కాదు. మనకంటే ముందు మానేసి, మనకి దారి చూపించే తోటి తాగుబోతు. నేను అన్నా అని పిలుస్తాను. ఆయన కూడా ఒకప్పుడు నాలాగే విదేశంలో పనిచేసి, ఉద్యోగం పోగొట్టుకుని ఇంటికి తిరిగి వెళ్లినాయన. మానేసి పదకొండేళ్లు.

అన్న నాకు మొదట చెప్పింది చాలా చిన్న విషయం. "తమ్ముడూ, మనిషిని తాగుడువైపు నెట్టేవి నాలుగు: ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట. శనివారం ఆరున్నరకి నీలో ఎన్నున్నాయో లెక్కపెట్టు." లెక్కపెడితే నాలుగూ ఉన్నాయి. మధ్యాహ్నం పన్నెండున్నరకి తిన్నవాణ్ణి, ఆరు రోజులు ఎండలో బరువులు మోసినవాణ్ణి, ఫోర్‌మన్ తిట్లు మింగినవాణ్ణి, పక్కన ఎవరూ లేనివాణ్ణి. నాలుగింటినీ ఒక్క సీసాతో తీర్చుకుంటున్నాను. ఇక శనివారం రూముకి వెళ్లకముందే తినెయ్యమన్నారు. పని బట్టలతోనే సరే, మీటింగ్‌కి వెళ్లే బస్సెక్కమన్నారు. స్నానం తర్వాత చేద్దువుగాని, ఆ మంచం మీద మాత్రం కూర్చోకు అన్నారు. ఇంకో మాట: "తాగాక నాకు ఫోన్ చెయ్యకు. తాగకముందు చెయ్యి. తాగినవాడితో నేను మాట్లాడినా వాడికి గుర్తుండదు."

ఆరు శనివారాలు గడిచాయి. ఏడోది పోయింది.

శుక్రవారం సాయంత్రం ఐదింటికి నా లీవు రద్దైందని చెప్పారు. రెండేళ్ల తర్వాత ఇంటికి వెళ్లాల్సింది, పాపకి బ్యాగు కూడా కొని ఉంచాను. మర్నాడు మీటింగ్‌కి వెళ్లలేదు. తాగాను. ఆదివారం పొద్దున సిగ్గుతో చచ్చిపోతూ అన్నకి ఫోన్ చేశాను. ఎందుకు తాగావని ఆయన అడగలేదు. శుక్రవారం ఐదింటి నుంచి గంట గంటకి ఏం చేశావో చెప్పమన్నారు. చెప్పాను. లీవు సంగతి రూములో ఎవరికీ చెప్పలేదు. ఇంటికి కూడా చెప్పలేదు. రాత్రి తినలేదు, నిద్రపట్టలేదు. శనివారం మధ్యాహ్నం కూడా తినలేదు. సాయంత్రం బస్టాపులో నిలబడ్డాను, మీటింగ్ బస్సు వచ్చింది, ఎక్కలేదు. తర్వాత బస్సుకి వెళ్దామనుకున్నాను. ఎదురుగా షాపు.

"షాపులో తాగుదామనుకున్నావా, బస్సు వదిలేసినప్పుడా?" అని అడిగారు. చాలాసేపు ఆలోచించి, శుక్రవారమే అన్నాను. ఇంట్లో చెప్పకుండా దాచుకున్నప్పుడే ఎక్కడో నిర్ణయం జరిగిపోయింది. మిగతా ఇరవై ఆరు గంటలూ దానికి దారి చేసుకున్నాను. నాకు ఈ సంభాషణ అన్ని మీటింగులకంటే ఎక్కువ ఉపయోగపడింది. ఇప్పుడు చెడ్డ వార్త ఏది విన్నా ఆ రాత్రి పడుకునేలోపు ఒక మనిషికి చెబుతాను. ఆ రోజు కూడా అన్న ఫోన్ పెట్టేలోపు ఇంటికి చేయమన్నారు. చేశాను. మా ఆవిడ ఏడ్చింది, తర్వాత "లీవు పోతే పోయిందిలెండి, మీరు తాగకుండా చెప్పుంటే బాగుండేది" అంది.

రోజుల లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలైంది. తర్వాతి శనివారం మీటింగ్‌లో చెయ్యెత్తి ఆ మాట చెప్పడం కష్టంగా ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు, తిరిగొచ్చినందుకు.

గ్రూపులో నాకు కుదరనివి కూడా ఉన్నాయి. దేవుడి మాట తరచు వస్తుంది. నీకు అర్థమైన దేవుడు ఎవరైనా సరే అంటారు గానీ, నాకు అది ఇంకా ఒంటబట్టలేదు. దేవుడి ప్రస్తావన లేని స్మార్ట్ రికవరీ లాంటి గ్రూపులు కూడా ఉన్నాయని తెలుసు. నేను మాత్రం ఆ పదిహేను కుర్చీలనే నా కంటే పెద్ద శక్తి అనుకుని వెళ్తున్నాను, అన్న అది చాలన్నారు. తాగుడు మానడానికి ఏఏ చూపించే పన్నెండు మెట్లలో ఇప్పుడు నాలుగోదాంట్లో ఉన్నాను. ఎవరి మీద పగలున్నాయో, ఎవరికి ఏం చేశానో కాగితం మీద రాయాలి. కప్లర్ సంగతి రాశాను. డాన్సు సంగతి ఇంకా పూర్తిగా రాయలేకపోతున్నాను.

మానేసి ఇవాళ్టికి తొమ్మిది నెలలు. శనివారం మీటింగ్ అయ్యాక, బస్సులో తిరిగొస్తూ ఇంటికి వీడియోకాల్ చేస్తాను. మొదట్లో పాప ఫోన్ దగ్గరికి వచ్చేది కాదు. తర్వాత వచ్చి, ఒక మాట చెప్పి పారిపోయేది. ఆదివారం పొద్దున మళ్లీ చేయగానే పరీక్ష పెట్టేది: "నాన్నా, నిన్న నేనేం చెప్పాను?" నేను చెప్పాలి. తెలుగు టీచరు చెయ్యి విరిగిందని, పెన్సిల్ బాక్సు పోయిందని, పక్కింటి కుక్కకి నాలుగు పిల్లలు పుట్టాయని. ఒక్కటి తప్పినా ఊరుకునేది కాదు. బస్సు దిగగానే ఒక చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకునేవాణ్ణి.

మొన్న ఆదివారం ఫోన్ చేశాను. చీటీ చేతిలో ఉంది. పాప ఎత్తి, కొత్తగా నేర్చుకున్న డాన్సు చూపిస్తానంటూ ఫోన్ గోడకి ఆనించి దూరం జరిగింది. నిన్నటి మాట అడగనేలేదు.